‘గుడ్‌విల్’కి మన మాట ఏది? వాడుకా, పరపతా, పేరా?

మాంబళం కోడలు (ప్రశ్న వేసినవారు):
అందరికీ నమస్కారం. చెన్నై వెస్ట్ మాంబళంలో ఒక పచ్చళ్లు, పొడుల కొట్టు కొనాలని మేమిద్దరం అనుకుంటున్నాం. నడుపుతున్నది మన తెలుగు దంపతులే, పెద్దవాళ్లయిపోయారు. గ్రైండర్లు, ఫ్రిజ్‌లు, అద్దాల బీరువాలు కలిపి 4 లక్షలు, సరుకు 2 లక్షలు, ఇంటి ఓనర్ దగ్గరున్న అడ్వాన్స్ 3 లక్షలు. సరుకు వేసేవాళ్లకు ఇవ్వాల్సింది లక్ష. అంతా తీసేస్తే 8 లక్షలు. వాళ్లు అడుగుతున్నది 20. మిగతా 12 లక్షలు ‘గుడ్‌విల్’ అని కాగితం మీద రాశారు. మా అత్తగారు ‘12 లక్షలు దేనికమ్మా, తెలుగులో చెప్పు’ అంటే నాకు మాట దొరకలేదు. తమిళంలో ‘నర్పెయర్’ అంటారు, మంచి పేరు అని. మనకేముంది?

విశ్రాంత తెలుగు పండిట్, చూళై:
సద్భావన అనండి, సుహృద్భావం అన్నా సరిపోతుంది. రెండు దేశాల మధ్య సుహృద్భావ పర్యటన అంటాం కదా.

మాంబళం కోడలు:
మాస్టారూ, అది మనసులో ఉండే మంచి భావం కదండీ. నేనడుగుతున్నది డబ్బిచ్చి కొనే ఆస్తి గురించి. సుహృద్భావానికి 12 లక్షలంటే అత్తగారు ఇంకా కంగారుపడతారు.

షావుకారుపేట కుర్రాడు:
అక్కా, అది పగిడీయే. మా వీధిలో కొట్టు చేతులు మారితే పగిడీ ఇవ్వకుండా తాళంచెవి చేతికి రాదు. దాన్నే ఇప్పుడు గుడ్‌విల్ అని గౌరవంగా పిలుస్తున్నారు.

పెరంబూరు ఆడిటర్:
తమ్ముడు చెప్పింది సగం నిజం. పగిడీ ఇచ్చేది చోటు కోసం. ఆ చోట రేపు మీరు చెప్పుల దుకాణం పెట్టుకున్నా పగిడీ అంతే ఉంటుంది. గుడ్‌విల్ ఇచ్చేది అక్కడ నడుస్తున్న వ్యాపారం కోసం. పచ్చళ్లు ఆపి చెప్పులు పెట్టిన రోజున అందులో చాలా భాగం పోతుంది. 1810లోనే లార్డ్ ఎల్డన్ అనే ఇంగ్లండు న్యాయమూర్తి దీనికి ఒక అర్థం చెప్పాడు: పాత ఖాతాదారులు పాత చోటికే మళ్లీ వచ్చే అవకాశం, అంతే. చోటు కూడా అందులో ఉంది కాబట్టి తమ్ముణ్ని పూర్తిగా తప్పనలేను.

మాంబళం కోడలు:
ఆ మాట వింటుంటే పోయిన శనివారం సాయంత్రం గుర్తొస్తోంది. కొట్లో ఓ గంట కూర్చున్నాను. ఒక పెద్దాయన వచ్చారు, నోరు తెరిచి ఏమీ అడగలేదు. షాపాయన పావుకిలో కందిపొడి పొట్లం కట్టి చేతిలో పెట్టారు. ఆయన డబ్బులిచ్చి వెళ్లిపోయారు. నేను చూస్తుంటే షాపాయన ‘వాడుకే కదమ్మా’ అన్నారు. మాట అదేనేమో? మా ఊళ్లో వాడుక పాలు అంటాం, రోజూ ఒకరి దగ్గరే పోయించుకునే పాలని.

విశ్రాంత తెలుగు పండిట్, చూళై:
అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాడుక చాలా బాగుంది. అయితే ఇప్పటి పిల్లలకు వాడుక అంటే వినియోగమనే అర్థమే ముందు తడుతుంది. ‘వాడుక విలువ’ అని రాస్తే అర్థమే మారిపోతుంది. పరపతి అంటే ఎలా ఉంటుంది?

పెరంబూరు ఆడిటర్:
మాస్టారూ, పరపతి మనిషిది. ఆయన ఊరు మారితే ఆయనతోనే పోతుంది. మా వృత్తిలో ఒక పాత పోలిక ఉంది. కొందరు ఖాతాదారులు పిల్లిలాంటివాళ్లు, ఇంట్లోవాళ్లు మారినా ఇల్లు వదలరు. కొందరు కుక్కలాంటివాళ్లు, యజమాని ఎటు వెళితే అటే వెళతారు. కొనేవాడు డబ్బివ్వాల్సింది పిల్లికి. కుక్కకు డబ్బిస్తే అది పాత యజమాని వెంటే పోతుంది. వాడుక పిల్లి, పరపతి కుక్క. మన భాషలో రెండు మాటలుగా ఉన్నదాన్ని ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటలో కలిపేశారు.

మీ 12 లక్షల సంగతి చూద్దాం. మూడేళ్ల సగటు లాభం ఎంత?

మాంబళం కోడలు:
ఏడాదికి 9 లక్షలు చూపించారు.

పెరంబూరు ఆడిటర్:
భార్యాభర్తలిద్దరూ జీతం రాసుకోలేదు కదా? వాళ్ల స్థానంలో ఇద్దరు మనుషుల్ని పెడితే ఏడాదికి సుమారు 4 లక్షలవుతుందనుకుందాం. 9లోంచి అది తీసేయండి. మీరు పెట్టే 8 లక్షలు ఇలాంటి ఇంకో వ్యాపారంలో పెట్టినా ఎంతోకొంత వస్తుంది, దానికి లక్ష తీసేయండి. మిగిలింది 4. ఈ కొట్టు పేరు వల్ల, వాడుక వల్ల అదనంగా వస్తున్నది ఆ 4 లక్షలే. మూడేళ్ల అదనపు లాభానికి ధర కడితే 12. వాళ్ల లెక్క గాలిలోంచి రాలేదు. కానీ మూడేళ్లే ఎందుకు, రెండేళ్లు ఎందుకు కాదు అంటే దానికి సూత్రమేమీ లేదు, అది బేరం. మిమ్మల్ని ఒకటి అడగాలి: అద్దె అగ్రిమెంట్ ఎప్పటిదాకా ఉంది?

మాంబళం కోడలు:
వచ్చే నెలతో అయిపోతుంది. కొత్తదానికి నెలకు 8 వేలు పెంచుతానన్నారు ఓనర్.

పెరంబూరు ఆడిటర్:
అంటే ఏడాదికి 96 వేలు, లక్ష అనుకోండి. అదనపు లాభం 4 నుంచి 3కి దిగింది. గుడ్‌విల్ 12 నుంచి 9కి దిగింది. ముందు ఓనర్‌తో కొత్త అగ్రిమెంట్ రాయించుకోండి, బేరం తర్వాత.

కోరమంగళ లక్ష్మి:
మా నాన్నగారి సంగతి చెప్తాను. బెంగళూరులో ఒక టైలరింగ్ షాపు గుడ్‌విల్‌తో సహా కొన్నారు. ఆరు నెలలకల్లా అమ్మినాయన రెండు వీధుల అవతల కొత్త షాపు తెరిచాడు. కొలతల పుస్తకం కూడా ఆయన దగ్గరే ఉంది. జనమంతా అటే పోయారు. నాన్నగారు మళ్లీ లేవలేకపోయారు. పోటీ వ్యాపారం పెట్టకూడదన్న ఒప్పందం మన దేశంలో చెల్లదట కదా, అందుకే రాయించలేదన్నారు.

పెరంబూరు ఆడిటర్:
వినడానికే బాధగా ఉందమ్మా. మామూలుగా చెల్లదన్నది నిజమే. కానీ 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్‌లోనే దానికి మినహాయింపు ఉంది, సరిగ్గా గుడ్‌విల్ అమ్మేవాళ్ల కోసమే. ఫలానా హద్దుల్లోపల, కొన్నవాళ్లు ఆ వ్యాపారం చేస్తున్నంత కాలం, అలాంటి వ్యాపారం పెట్టనని అమ్మేవాళ్లు ఒప్పుకుంటే చెల్లుతుంది. హద్దులు న్యాయంగా ఉండాలి. వెస్ట్ మాంబళం, టి.నగర్ అని రాస్తే నిలబడొచ్చు, తమిళనాడు అంతా అంటే కష్టం. మీ నాన్నగారి కొలతల పుస్తకమే అసలు ఆస్తి, దాన్ని ముందు తీసుకోవాల్సింది.

షావుకారుపేట కుర్రాడు:
మా కొట్టు అరవై ఏళ్ల నాటిది. లెక్కల పుస్తకంలో గుడ్‌విల్ అని ఒక్క రూపాయి కూడా లేదు. ఎందుకు?

పెరంబూరు ఆడిటర్:
సొంతంగా పెరిగిన గుడ్‌విల్‌ను పుస్తకాల్లో రాయకూడదు. ఎవరైనా డబ్బిచ్చి కొన్నప్పుడే అది కొన్నవాళ్ల పుస్తకాల్లోకి వస్తుంది. మాస్టారికి నచ్చే సంగతి ఒకటుంది. బెంగళూరులో అగరబత్తులు చేసే ఒక భాగస్వామ్య సంస్థ గుడ్‌విల్ కేసులో 1981లో సుప్రీంకోర్టు ఏమందంటే, కొత్తగా మొదలైన వ్యాపారంలో గుడ్‌విల్ ఏ రోజు పుట్టిందో చెప్పలేం, దానికి ఎంత ఖర్చయిందో కూడా చెప్పలేం, అందువల్ల దాన్ని అమ్మితే మూలధన లాభం లెక్కగట్టి పన్ను వేయడం కుదరదని. తర్వాత చట్టం మార్చి ఆ ఖర్చును సున్నా అనుకోమన్నారు.

విశ్రాంత తెలుగు పండిట్, చూళై:
వాడుకకూ పుట్టినరోజు ఉండదు కదా. మొదటిసారి వచ్చినవాడు ఎన్నోసారికి వాడుకవాడయ్యాడో ఎవరు చెప్పగలరు!

కోరమంగళ లక్ష్మి:
మరి హస్తవాసి? ఆవకాయ కలిపే చేయి మారితే?

పెరంబూరు ఆడిటర్:
నా భయమూ అదే. పచ్చళ్లు కలిపే ఆ షాపావిడ ఊళ్లో లేని రోజు చూసుకుని కొట్లో కూర్చోండమ్మా. ఎంతమంది ఆమెను అడుగుతారో లెక్కపెట్టండి.

మాంబళం కోడలు (నాలుగు రోజుల తర్వాత):
నిన్న కూర్చున్నాను. ఆమె పెళ్లికి వెళ్లారు. సాయంత్రం దాకా 43 మంది వచ్చారు. 11 మంది ‘అమ్మ లేరా?’ అన్నారు. ముగ్గురు ఏమీ కొనకుండా వెళ్లిపోయారు, ముగ్గురూ గోంగూర పచ్చడి కోసం వచ్చినవాళ్లే. పొడులకు వచ్చినవాళ్లలో ఎవరూ ఆమెను అడగలేదు. ఆయనతో మాట్లాడాం. మొత్తం 17 లక్షలు. అందులో 3 లక్షలు ఏడాది తర్వాత ఇస్తాం. ఆవిడ మూడు నెలలు వచ్చి పచ్చళ్లు నేర్పుతారు. అద్దె అగ్రిమెంట్ మా పేరున అయ్యాకే సంతకాలు. అత్తగారికి ‘9 లక్షలు వాడుకకు’ అని చెప్పాను, ఆమెకు వెంటనే అర్థమైంది. కాగితం మీద మాత్రం గుడ్‌విల్ అనే ఉంది.

విశ్రాంత తెలుగు పండిట్, చూళై:
పక్కన తెలుగులో ‘వాడుక’ అని కూడా రాయించండమ్మా. గోంగూర కోసం వచ్చినవాళ్లను ఏ మాట కింద రాయాలో నేనింకా ఆలోచిస్తున్నాను.