"ఐ యామ్ నోయింగ్" కింద గీత పోవడం లేదు, ఏం చేయాలి?

సాయి_కాకినాడ
సాయంత్రం నుంచి ఒకే మెయిల్ దగ్గర కూర్చున్నాను. రాసిన ప్రతిసారీ కింద నీలి గీతలు వస్తున్నాయి. "ఇంగ్" ఉన్నవన్నీ తప్పని చూపిస్తే ఏదో నియమం అనుకునేవాడిని. కొన్నింటికి గీత పడుతోంది, కొన్నింటికి పడడం లేదు. భాష సెట్టింగును బ్రిటన్ నుంచి అమెరికాకు మార్చాను, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. ఏ మార్పూ లేదు. రేపు ఉదయమే పంపాలి. ఎవరైనా దారి చెప్పండి.

కిరణ్_నల్గొండ
సెట్టింగుల్లో వ్యాకరణం సరిచూసే సదుపాయాన్ని ఆపేయండి. గీతలు మాయమవుతాయి. మా ఆఫీసులో అందరం అలాగే చేశాం.

రఘు
గీతలు పోతాయి, తప్పులు ఉండిపోతాయి. వాక్యాలు పెట్టండి.

సాయి_కాకినాడ
ఇవిగో. కొత్త కంపెనీలో పీఎఫ్ వ్యవహారాలు చూసే ఆవిడకు రాస్తున్నాను.

ఐ యామ్ హావింగ్ ఎ డౌట్ అబౌట్ మై పీఎఫ్. (గీత ఉంది)
ఐ యామ్ నోయింగ్ యువర్ మేనేజర్ సిన్స్ సిక్స్ ఇయర్స్. (గీత ఉంది)
ఐ యామ్ థింకింగ్ ద అమౌంట్ ఈజ్ రాంగ్. (గీత ఉంది)
ఐ యామ్ థింకింగ్ ఆఫ్ ట్రాన్స్‌ఫరింగ్ ఇట్. (లేదు)
ఐ యామ్ హావింగ్ ఎ మీటింగ్ విత్ హర్ టుమారో. (లేదు)

ఒకే మాట ఒక చోట తప్పు, ఇంకో చోట ఒప్పు ఎలా అవుతుంది?

విజయలక్ష్మి_టీచర్
బాబూ, "ఇంగ్" సంగతి తర్వాత. అసలు అక్కడ "డౌట్" అనే మాటే వాడకూడదు. మనం అడగాల్సింది ఏదైనా ఉంటే డౌట్ అంటాం. బయటి దేశాల వాళ్లకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. "నా పీఎఫ్ మీద డౌట్ ఉంది" అని రాస్తే, మీరు మా లెక్కను శంకిస్తున్నారా అనుకుంటారు. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అని రాయండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, పిల్లలు ఈ ఒక్కటీ మానరు.

కిరణ్_నల్గొండ
టీచరుగారూ, ఆ మెయిల్ చదివే ఆవిడ మన దేశం ఆవిడే. డౌట్ అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అది మన ఆంగ్లంలో స్థిరపడిన మాట, తప్పు అనడానికి వీల్లేదు.

భాస్కర్_అనువాదం
సాయిగారూ, ఆ గీతలు సరైన చోటే పడ్డాయి. మీ మూడో వాక్యాన్నీ నాలుగో వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడోదానిలో మీరు చెబుతున్నది మీ అభిప్రాయం: మొత్తం తప్పుగా ఉందని మీకు అనిపించింది. అది మీకు ఉన్నదే తప్ప మీరు చేస్తున్న పని కాదు. అందుకే "ఐ థింక్ ద అమౌంట్ ఈజ్ రాంగ్" అనాలి. నాలుగోదానిలో మార్చాలా వద్దా అని మనసులో ఆలోచన నడుస్తోంది, ఇంకా తేలలేదు. నడుస్తున్నది కాబట్టి "ఇంగ్" సరిపోతుంది.

"హావ్" కూడా అంతే. మీటింగు ఒక సమయానికి మొదలై ముగుస్తుంది. సందేహం అలా జరిగేది కాదు, మీ దగ్గర ఉంటుంది, అంతే. "ఏం చేస్తున్నావు?" అని ఎవరైనా అడిగితే "భోజనం చేస్తున్నాను" అనవచ్చు కాబట్టి "ఐ యామ్ హావింగ్ లంచ్" సరైనదే. అదే ప్రశ్నకు "సందేహం కలిగి ఉన్నాను" అని ఎవరూ జవాబు చెప్పరు.

శ్రీను_హనుమకొండ
ఇదంతా తెలుగు నుంచి మాటకు మాట అనువదించడం వల్ల వచ్చే తప్పు. మనం ప్రతిదానికీ "తున్నాను" అంటాం, అదే "ఇంగ్" అయిపోతుంది. ఇంకో సంగతి: తినడం, తాగడం తప్ప "హావింగ్" ఎక్కడా రాకూడదు. ఈ ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి చాలు.

భాస్కర్_అనువాదం
శ్రీనుగారూ, మొదటి మాట సగం నిజం. "అనుకుంటున్నాను" నుంచి "ఐ యామ్ థింకింగ్", "నమ్ముతున్నాను" నుంచి "ఐ యామ్ బిలీవింగ్" రావడం నిజమే. కానీ "నాకు తెలుసు"లో "తున్నాను" ఎక్కడుంది? "సందేహం ఉంది"లో ఎక్కడుంది? తెలుగును ఉన్నది ఉన్నట్టు అనువదించినా "ఐ యామ్ నోయింగ్" రాదు. బడిలో వర్తమానం అంటే ముందుగా "ఐ యామ్ ఈటింగ్" అని నేర్చుకుని, ఆ అచ్చులోనే అన్ని క్రియలనూ పోస్తున్నామని నా అభిప్రాయం. పైగా ఈ అలవాటు తెలుగువాళ్లకే పరిమితం కాదు, హిందీ, తమిళం మాట్లాడేవాళ్లలోనూ ఉంది.

మీ రెండో నియమం మాత్రం నిలవదు. "ఐ యామ్ హావింగ్ ట్రబుల్ లాగింగ్ ఇన్" సరైన వాక్యమే. ప్రయత్నిస్తున్నారు, కుదరడం లేదు, అది ఆ క్షణంలో జరుగుతోంది.

అనూష_నర్సు
నేను లండన్‌లో ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఇక్కడి రోగులే "ఐ యామ్ హావింగ్ చెస్ట్ పెయిన్" అంటారు. నొప్పి కూడా ఉండేదే కదా, మనం చేసే పని కాదు. మరి అది ఎలా ఒప్పు? నేను మాట్లాడేటప్పుడు ప్రతిసారీ ఆగిపోతున్నాను.

భాస్కర్_అనువాదం
మంచి ప్రశ్న, అమ్మా. నేను చెప్పిన "ఏం చేస్తున్నావు" పరీక్ష ఇక్కడ పనికిరాదు. "ఏం జరుగుతోంది?" అని అడిగి చూడండి. నొప్పి ఇప్పుడు వచ్చింది, పెరుగుతోంది, తగ్గుతుంది. "ఇట్ ఈజ్ రెయినింగ్" కూడా ఎవరూ చేసేది కాదు, జరిగేది. మధుమేహం అలా కాదు. అందుకే "ఐ హావ్ డయాబెటిస్" అంటారు. "ఐ యామ్ హావింగ్ డయాబెటిస్" అని అక్కడివాళ్లు అనడం మీరు విని ఉండరు.

అనూష_నర్సు
నిజమే, వినలేదు. మన ఊరి నుంచి వచ్చినవాళ్లు మాత్రం "షి ఈజ్ హావింగ్ షుగర్" అంటారు. చక్కెర తింటోందనుకుని ఇక్కడి సిస్టర్ ఒకసారి నన్ను అడిగింది.

రఘు
సాయి రెండో వాక్యం ఎవరూ పట్టించుకోలేదు. అందులో రెండు తప్పులు ఉన్నాయి.

భాస్కర్_అనువాదం
అవును, దాటేశాను. "ఆరేళ్లుగా తెలుసు" అన్నప్పుడు తెలుగులో "తెలుసు" మారదు. ఆంగ్లంలో గతంలో మొదలై ఇప్పటికీ ఉన్నదానికి "ఐ నో" అన్నా చాలదు, "ఐ హావ్ నోన్" అనాలి. "ఇంగ్" తీసేసి "ఐ నో యువర్ మేనేజర్ సిన్స్ సిక్స్ ఇయర్స్" అని దిద్దితే ఇంకా తప్పుగానే ఉంటుంది. "సిన్స్" తర్వాత మొదలైన సమయం రావాలి: సిన్స్ 2019. ఎంతకాలమో చెబితే "ఫర్". కాబట్టి "ఐ హావ్ నోన్ యువర్ మేనేజర్ ఫర్ సిక్స్ ఇయర్స్". పని చేయడం గురించి అయితే "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్" అనవచ్చు. పనిలో "ఇంగ్" ఇముడుతుంది, తెలియడంలో ఇమడదు.

కిరణ్_నల్గొండ
మరి "ఐ యామ్ లవింగ్ ఇట్" అని ఒక హోటళ్ల సంస్థ ప్రపంచమంతా ప్రకటన వేసింది కదా? వాళ్లకు వ్యాకరణం తెలియదా?

భాస్కర్_అనువాదం
తెలిసే వేశారు. ఈ ముద్ద తింటున్న ఈ క్షణంలో ఆనందిస్తున్నాను అనే అర్థం దాని నుంచి వస్తుంది. మాటల్లో అలాంటివి పెరుగుతున్నాయి. "నో" విషయంలో మాత్రం ఆ సడలింపు నేను చూడలేదు. పీఎఫ్ మెయిల్‌లో ప్రకటనల భాష వద్దు.

విజయలక్ష్మి_టీచర్
అంతా బాగుంది కానీ, డౌట్ అనే మాట అలాగే వదిలేశారు. అది తప్పని ఒప్పుకోండి.

కిరణ్_నల్గొండ
ఒప్పుకోను. కోట్లమంది వాడే మాట తప్పు ఎలా అవుతుంది?

శ్రీను_హనుమకొండ
కోట్లమంది "ఐ యామ్ నోయింగ్" కూడా అంటారు. మరి అదీ ఒప్పేనా?

సాయి_కాకినాడ
మూడూ మార్చాను, గీతలు పోయాయి. డౌట్ తీసి క్వశ్చన్ పెట్టాను, టీచరుగారూ. మెయిల్ పంపేశాను. అందరికీ ధన్యవాదాలు.

లత_తిరుపతి
ఆలస్యంగా చూశాను. "ఐ యామ్ లివింగ్ ఇన్ తిరుపతి" అని దరఖాస్తులో రాశాను. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాం. అది కూడా మార్చాలా?