సమాకలనానికి ముందు పాక్షిక భిన్నాల వర్క్‌షీట్: మళ్లీ కలిపి చూడాల్సిందేనా?

ఇంటర్‌_రెండో_ఏడు: సమాకలనం మొదలుపెట్టే ముందు మాకు పాక్షిక భిన్నాల వర్క్‌షీట్ ఇచ్చారు. గుణకాలు పోల్చి A, B, C రాబట్టాలట, తర్వాత పదాలన్నీ మళ్లీ కలిపి సరిచూడాలట. విలువలు వేస్తే మూడు లైన్లలో వచ్చేదానికి పేజీ నింపడం ఎందుకు? మొదటి లెక్క (x²+7x+1)/((x−1)²(x+2)).

సున్నాఒకటి: అక్కర్లేదు తమ్ముడూ. A/(x−1) + B/(x−1)² + C/(x+2) అని రాసుకో. హారం తీసేస్తే

x²+7x+1 = A(x−1)(x+2) + B(x+2) + C(x−1)²

x=1 వేస్తే 9=3B, అంటే B=3. x=−2 వేస్తే −9=9C, అంటే C=−1. x=0 వేస్తే 1=−2A+6−1, అంటే A=2. అయిపోయింది. ఎంసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. అక్కడ కూర్చుని పదాలు కలుపుతావా?

పలకాబలపం: సున్నాఒకటి గారూ, మీ జవాబు సరైనదే. కానీ ఆ మూడు లైన్లలో తప్పు దొరికే చోటు ఒక్కటీ లేదు. ఈ లెక్కలో పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు, (x−1)² ఉంది కదా అని దానికి ఒక్క పదమే రాయడం: B/(x−1)² + C/(x+2). ఇప్పుడు మీ పద్ధతిలోనే x=1 వేయండి, B=3 వస్తుంది. x=−2 వేయండి, C=−1 వస్తుంది. తెలియనివి రెండే, రెండూ వచ్చేశాయి. లెక్క ఎక్కడా అడ్డం తిరగలేదు, పిల్లాడు సమాకలనంలోకి వెళ్లిపోతాడు.

అదే తప్పు రూపంతో గుణకాలు పోల్చి చూడండి. x² దగ్గర C=1. x దగ్గర B−2C=7, కాబట్టి B=9. స్థిరపదం దగ్గర 2B+C=1 కావాలి, వచ్చింది 19. అక్కడే ఆగిపోతాడు, ఆగాలి కూడా.

విలువలు వేసే చేసినా, తర్వాత కలిపి చూస్తే 3(x+2)−(x−1)² = −x²+5x+5. దీన్ని ప్రశ్నలోని లవంలోంచి తీసేయండి. మిగిలేది 2x²+2x−4, అంటే 2(x−1)(x+2). హారంతో భాగిస్తే 2/(x−1). రాయడం మరిచిపోయిన పదమే బయటికొచ్చింది. తప్పు ఉందని చెప్పడమే కాదు, ఏది తప్పిందో కూడా చూపిస్తుంది.

చివరి_బెంచి: నేను A=2, B=3, C=−1 పెట్టి కలిపాను. పైన x³+6x²−6x−1 వచ్చింది. విలువలు తప్పా?

పలకాబలపం: విలువలు తప్పు కాదు బాబూ. మూడు హారాలనూ గుణించేసి ఉంటావు, (x−1)·(x−1)²·(x+2) అని. క.సా.గు.లో (x−1)² ఉంటే చాలు, ఇంకో (x−1) అక్కర్లేదు. నీకు వచ్చింది (x−1)(x²+7x+1) కదా, గుణించి చూడు. లవం డిగ్రీ ప్రశ్నలో ఉన్నదానికంటే పెరిగిందంటే ముందు హారం ఎలా రాశావో చూసుకో, A, B, C జోలికి తర్వాత వెళ్లు.

సున్నాఒకటి: మేడమ్, రూపం తప్పు రాస్తే అది రాసినవాడి తప్పు, పద్ధతిది కాదు. అయినా దానికి మొత్తం కలపాలా? x=0 వేయండి. మీ తప్పు రూపం 5 ఇస్తుంది, రావాల్సింది 1. ఒక్క విలువతో దొరికిపోయింది.

పలకాబలపం: అక్కడ నిజమే, ఒప్పుకుంటాను. x=1 దగ్గరా, x=−2 దగ్గరా సరిపోయాక, తేడా ఏదైనా ఉంటే అది k(x−1)(x+2) రూపంలోనే ఉండాలి. ఇంకో విలువ వేస్తే k సున్నానో కాదో తేలిపోతుంది. కానీ మీ మొదటి జవాబు చూసుకోండి. A కనుక్కోవడానికే x=0 వాడేశారు. దాన్నే మళ్లీ వేస్తే, B, C ల్లో ఏం తప్పు చేసినా సరిపోతుంది. ఒకడు (−3)²ని −9 అని వేశాడనుకోండి. C=1 అవుతుంది, x=0 దగ్గర A=3 వస్తుంది. మళ్లీ x=0 వేస్తే −6+6+1=1, సరిపోయింది! x² గుణకం ఒక్కసారి చూస్తే A+C=1 కావాలి, వచ్చింది 4.

సున్నాఒకటి: అయితే x=2 వేస్తాను. అటు 4+14+1=19, ఇటు 8+12−1=19. మీరు చెప్పిన తప్పు విలువలతో 25 వస్తుంది, దొరికింది. ఇప్పుడేమంటారు?

పలకాబలపం: ఇంతవరకు వాడని విలువ వేస్తే నాకు అభ్యంతరం లేదు.

త్రికోణం: దానికి తోడు నాదొకటి. (x³+x²+4x+3)/((x−1)²(x+2)) తీసుకోండి. పైనా కిందా డిగ్రీ 3, ముందు భాగించాలి. భాగించకుండా సున్నాఒకటి చెప్పినట్టే చేస్తే B=3, C=−1, A=1. అన్నీ పూర్ణాంకాలే, చూడముచ్చటగా ఉంటాయి. B, C నిజంగానే సరైనవి కూడా. అసలు జవాబు 1 + 2/(x−1) + 3/(x−1)² − 1/(x+2). పోయింది ఆ 1, దాంతో A చెడింది. గుణకాలు పోల్చేవాడికి x³ ఒక పక్కనే కనబడుతుంది, రెండో పక్క ఉండదు. పెన్ను పెట్టకముందే తెలిసిపోతుంది.

సున్నాఒకటి: x=2 దగ్గర అటు 23, ఇటు 15. అదీ దొరుకుతుంది. మీరంతా ఒకే మాట తిప్పి తిప్పి చెబుతున్నారు.

మార్కుల_మనిషి: విలువలు వేసి రాసినందుకు నాకు రెండు మార్కులు కోశారు, పద్ధతి చూపలేదని. అందుకే గుణకాలే రాయాలి.

సున్నాఒకటి: కోసినవారిది తప్పు. దాన్ని గణితం మీద రుద్దొద్దు. అసలు ఇంత రాద్ధాంతం ఎందుకు? సమాకలనం అయ్యాక జవాబుని అవకలనం చేస్తే ఎలాగూ సరిచూసినట్టే. ముందే కలపమని పిల్లల్ని ఎందుకు చంపుతారు!

పలకాబలపం: చూశారా, మన గొడవ గుణకాల గురించి కాదు, ఎప్పుడు సరిచూడాలన్నదాని గురించి. ఆ తప్పు రూపంతోనే వెళ్దాం. సమాకలనం −3/(x−1) − log|x+2| + c. అవకలనం చేయండి. 3/(x−1)² − 1/(x+2) వస్తుంది. మీరు రాసుకున్న లైనే తిరిగొచ్చింది, పిల్లాడు టిక్కు పెట్టేస్తాడు. అది ప్రశ్నతో సమానమో కాదో తెలియాలంటే ఆ రెండూ కలపాల్సిందే. చివర్లో ఎలాగూ చేయాల్సిన పనిని లాగ్‌లు రాయకముందే చేయమంటోంది వర్క్‌షీట్.

సున్నాఒకటి: అవకలనం విషయంలో మీరన్నది సరే. వర్క్‌షీట్‌లో కలపండి, పరీక్షలో మాత్రం x=2 చాలు. దీన్ని నేను వదలను.

త్రికోణం: హారంలో x²+1 ఉంటే దానికి వాస్తవ మూలాల్లేవు. అక్కడ ఏ విలువలు వేస్తారు?

సున్నాఒకటి: x=i వేస్తాను.

ఇంటర్‌_రెండో_ఏడు: ఐదో లెక్క అదే. (x−1)(x²+1). A కి x=1 వేశాను, మిగతా రెండిటికీ గుణకాలు పోల్చాను. x² దగ్గర, స్థిరపదం దగ్గర తీసుకున్నా. x గుణకం వాడకుండా మిగిలింది, దానితోనే సరిచూడొచ్చా?

పలకాబలపం: చూడొచ్చు. కానీ ప్రశ్న కాగితంలో ఉన్న లవంతో పోల్చు, నీ నోటుబుక్కులో ఎక్కించుకున్న లైనుతో కాదు.