600 మీటర్ల ఎత్తులో రన్‌వే: గాలికి ఎదురుగా పొట్టిదా, గాలికి ఏటవాలుగా పొడుగుదా?

మెట్టపొలం (ప్రశ్న)
దక్కన్ మీద ఒక చిన్న విమానాశ్రయానికి స్థలం చూస్తున్నారు. ఎత్తు 600 మీటర్లు. తూర్పు–పడమరగా వెళ్తే 2,400 మీటర్ల భూమే ఉంది, ఆ తర్వాత గుట్ట. ఈశాన్యం–నైరుతిగా వెళ్తే 3,000 మీటర్లు దొరుకుతుంది. గాలేమో పడమటిది. ఏటీఆర్ 72 రావాలి, ఒక ఫ్లయింగ్ స్కూల్ కూడా పెడతామంటున్నారు. ఏ దిక్కు సరైనది?

పడమటిగాలి
ముందు ఒక మాట తేల్చండి. 2,400, 3,000 అన్నవి భూమి పొడవా, రన్‌వే పొడవా? భూమి అయితే రెండు కొసల్లోనూ చదును చేసి ఖాళీగా ఉంచే 60 మీటర్ల స్ట్రిప్ పోతుంది. దాని తర్వాత విమానం ఆగకుండా ముందుకు దూసుకుపోతే పనికొచ్చే భద్రతా ప్రాంతం, రీసా అంటాం, అది ఉండాలి. దాన్ని 240 మీటర్లు ఉంచమని సిఫారసు, 90 మీటర్లకు తగ్గకూడదన్నది నిబంధన. 240 చొప్పున వదిలితే 3,000 మీటర్ల భూమిలో మిగిలే రన్‌వే 2,400. 2,400 మీటర్ల భూమిలో మిగిలేది 1,800. రీసాను 90కి కుదిస్తే 2,100 వస్తుంది. కాబట్టి మీ అసలు పోటీ 2,400కీ 1,800కీ మధ్య, మహా అయితే 2,100కీ మధ్య.

మెట్టపొలం
భూమి పొడవేనండి. సర్వే మ్యాపులో హద్దు నుంచి హద్దుకు కొలిచినది.

నైట్‌షిఫ్ట్_ఏరో
దీనికింత ఆలోచన ఎందుకు? పొడుగుదే కట్టండి. ఏటీఆర్ 35 నాట్ల పక్కగాలిలో దిగి చూపించింది. ఈ కాలపు విమానాలకు క్రాస్‌విండ్ అసలు సమస్యే కాదు. గాలి ఏ దిక్కు నుంచి ఎంత తరచుగా, ఎంత వేగంతో వీస్తుందో చూపే గాలి గులాబీ పటం గీసి దిక్కు ఎంచుకోవడం డకోటాల కాలం నాటి పద్ధతి.

పడమటిగాలి
35 నాట్ల సంగతి నిజమే. కానీ అది పరీక్షల్లో విమానం చేసి చూపించిన అంకె. రన్‌వే దిక్కు నిర్ణయించడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో తీసుకునే పక్కగాలి అంకె వేరు. సముద్రమట్టం దగ్గర, ప్రామాణిక వాతావరణంలో 1,500 మీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ పొడవు కావాల్సిన విమానాలకు 20 నాట్లు, 1,200 నుంచి 1,500 లోపువాటికి 13 నాట్లు, అంతకన్నా చిన్నవాటికి 10 నాట్లు. ఏటీఆర్ 72కు నిండు బరువుతో సుమారు 1,315 మీటర్లు కావాలి, కాబట్టి అది 13 నాట్ల గుంపులో పడుతుంది. స్కూల్లో తిరిగే సెస్నా 152 అయితే 10 నాట్ల గుంపు. దాని చూపించిన అంకే 12 నాట్లు.

ఇప్పుడు ఈ స్థలంలో పెట్టి చూడండి. ఈశాన్యం–నైరుతి రన్‌వే నంబరు 05/23 అవుతుంది. నంబరు పక్కన సున్నా పెడితే దిక్కు డిగ్రీల్లో వస్తుంది, 23 అంటే 230. గాలి నేరుగా 270 డిగ్రీల నుంచి వస్తే 23కీ దానికీ మధ్య కోణం 40 డిగ్రీలు. సైన్ 40 అంటే 0.643. అంటే ఏటీఆర్ లెక్కకు గాలి 20 నాట్లు దాటితే పరిమితి మించుతుంది, సెస్నా లెక్కకు 15.6 నాట్లకే మించిపోతుంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి వాటికైతే 31 నాట్లు దాటాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు పీఠభూమి మీద 15 నాట్ల పడమటి గాలి వింతేమీ కాదు. శంషాబాద్, బెంగళూరు, ముంబై ప్రధాన రన్‌వేలు 09/27గా ఉండటం, విజయవాడ, తిరుపతి 08/26గా ఉండటం ఊరికే కుదిరిన సంగతి కాదు.

సివిల్_ఫైనలియర్
సర్, పక్కగాలి పరిమితి దాటని సమయం, అంటే కవరేజ్, 95 శాతం వస్తే చాలు కదా? 05/23కి కూడా 95 దాటితే ఇక గొడవేముంది?

పడమటిగాలి
తమ్ముడూ, చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 95 శాతం ఏడాది మొత్తం పరిశీలనల మీద లెక్క. రోజుకు 8 సార్లు కొలిస్తే ఏడాదికి 2,920 పరిశీలనలు. వాటిలో 117 పరిమితి దాటాయనుకో. అంటే 4 శాతం, కవరేజ్ 96. కాగితం మీద పాస్. కానీ ఆ 117 ఎప్పుడు వచ్చాయో చూడు. పరిశీలనలు భారత కాలమానంలో 2:30, 5:30, 8:30 అలా మూడు గంటలకొకటి. రాత్రి గాలి ఉండదు, ఆ సున్నాలన్నీ కవరైన ఖాతాలోకే పోతాయి. ఆ 117 వానకాలం నాలుగు నెలల్లో 11:30, 14:30, 17:30 పరిశీలనల్లోనే పడితే, అక్కడున్నవి 122 రోజులకు 366. అంటే దాదాపు ప్రతి మూడు మధ్యాహ్నపు పరిశీలనల్లో ఒకటి పరిమితి బయట. పగలు మాత్రమే ఎగిరే ఫ్లయింగ్ స్కూల్‌కు ఇది మామూలు దెబ్బ కాదు.

అందుకే ఏడాది మొత్తానికి ఒక గాలి గులాబీ, పగటి గంటలకు, నెలలవారీగా ఇంకొకటి గీయించండి. డేటా కనీసం అయిదేళ్లది కావాలి. ఎక్కడో 60 కిలోమీటర్ల దూరంలోని జిల్లా కేంద్రం డేటా తెచ్చి సరిపెట్టొద్దు. మీకు పక్కనే గుట్ట ఉందన్నారు, అది గాలిని వంచుతుంది. స్థలంలో 10 మీటర్ల స్తంభం నిలబెట్టి కనీసం ఒక ఏడాది కొలిచి, దగ్గరి స్టేషన్‌తో పోల్చి సరిచూడాలి.

నైట్‌షిఫ్ట్_ఏరో
స్కూల్ సంగతి ఒప్పుకుంటాను. ఏటీఆర్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. 22 నాట్ల గాలిలో 05/23 మీద ఏటీఆర్‌కు తగిలేది 14 నాట్లు. ఏ పైలటూ దానికి వెనుదిరగడు. ప్లానింగ్ పరిమితి దాటినంత మాత్రాన సర్వీసు రద్దు కాదు.

పడమటిగాలి
అది నిజం. ఆ 13 నాట్లు పైలట్ వెనుదిరిగే గీత కాదు.

సివిల్_ఫైనలియర్
పొడవు లెక్క నేను వేశాను. ఏటీఆర్ 1,315కు ఎత్తులో ప్రతి 300 మీటర్లకు 7 శాతం కలపాలి, కాబట్టి 14. రిఫరెన్స్ ఉష్ణోగ్రతకు మా పుస్తకంలో సూత్రం: అత్యంత వేడి నెలలో రోజువారీ సగటుకు, గరిష్ఠాల సగటుకూ దీనికీ ఉన్న తేడాలో మూడో వంతు కలపాలి. మేలో సగటు 33, గరిష్ఠాల సగటు 39 అనుకుంటే 35 వస్తుంది. 600 మీటర్ల దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత 11.1, కాబట్టి తేడా 23.9, డిగ్రీకి ఒక శాతం. వాలు 0.5 శాతానికి ఇంకో 5. మొత్తం 1,950 మీటర్లు. అంటే 2,100 సరిపోతుంది కదా?

పడమటిగాలి
వరుస బాగుంది. ఎత్తు, వేడి, వాలు ఒకదాని మీద ఒకటి గుణించావు, అదే పద్ధతి. ఉష్ణోగ్రత దగ్గరే ఒక చిక్కు. మూడో వంతు సూత్రం పాత డిజైన్ పుస్తకాల నుంచి మన సిలబస్‌లోకి వచ్చింది. ఐకావో విమానాశ్రయ ప్రమాణాల పుస్తకం అనెక్స్ 14 అత్యంత వేడి నెలలో రోజువారీ గరిష్ఠాల సగటునే తీసుకోమంటుంది. అంటే 39. తేడా 27.9.

```
1315 × 1.14 × 1.279 × 1.05 = 2013
```

63 మీటర్లు పెరిగింది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఎత్తు, వేడి రెండూ కలిపితే ఇక్కడ 45.8 శాతం. 35 శాతం దాటితే ఈ శాతాల లెక్కను నమ్మొద్దని, ప్రత్యేక అధ్యయనం చేయమని అదే పద్ధతి చెబుతుంది. నీ 35 డిగ్రీలతో వేసినా 41 వస్తుంది. కారణం ఉంది. శాతాల లెక్క సరళరేఖ. ఇంజిన్ అలా ప్రవర్తించదు. ఒక ఉష్ణోగ్రత దాకా పూర్తి శక్తి ఇస్తుంది, దాటాక శక్తి జారిపోతుంది. తయారీదారు చార్టులో గీత అక్కడ పైకి వంగుతుంది. ఆ వంపు ఏ డిగ్రీ దగ్గరుందో చూడకుండా 2,013 పట్టుకుని భూసేకరణకు పోకూడదు.

వేడి దిద్దుబాటు టేకాఫ్‌కే. దిగే పొడవుకు ఎత్తు దిద్దుబాటు చాలు.

మెట్టపొలం
తూర్పు–పడమర కడితే నేరుగా ఎదురుగాలి వస్తుంది కదండీ. ఎదురుగాలిలో పరుగు తగ్గుతుంది. ఆ లెక్కన 1,800 కూడా సరిపోదా?

పడమటిగాలి
మీ ఎదురుగాలి జూలైలో వస్తుంది, మీ వేడి మేలో వస్తుంది. మే మధ్యాహ్నం గాలి బలహీనంగా, దిక్కు మారుస్తూ ఉంటుంది, లేదా ఉరుముల గాలి ఒక్కసారిగా ఎటు నుంచో కొడుతుంది. పొడవు ఎక్కువ కావాల్సిన రోజున ఎదురుగాలి ఉంటుందన్న హామీ లేదు. అందుకే ప్రాథమిక పొడవును గాలి సున్నా అనుకునే లెక్కిస్తారు.

ఎడారితెలుగు
మా ఫీనిక్స్‌లో 2017 జూన్‌లో 48 డిగ్రీల ఎండకు చిన్న జెట్‌లు రద్దయ్యాయి. రన్‌వే ఇంకా పొడుగ్గా ఉంటే ఎగిరేవి. కాబట్టి పొడుగుదే కట్టండి, తర్వాత బాధపడొద్దు.

పడమటిగాలి
అక్కడ ఆపింది పొడవు కాదండీ. ఆ చిన్న జెట్‌ల పనితీరు చార్టులు దాదాపు 48 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. దానిపైన ఎగరడానికి అనుమతించే అంకెలే లేవు, రన్‌వే ఎంత ఉన్నా ఒకటే. అదే రోజు పెద్ద విమానాలు ఎగిరాయి, వాటి చార్టులు ఇంకా పైదాకా వెళ్తాయి కాబట్టి. పొడవు తక్కువైతే జరిగేది వేరు: విమానం ఎగురుతుంది, బరువు తగ్గించుకుని. కొన్ని సీట్లు ఖాళీగా పోతాయి. లేహ్‌లో 3,256 మీటర్ల ఎత్తున ఉదయమే సర్వీసులు నడపడంలో ఉన్నది ఇదే, చల్లగాలిలో ఎక్కువ బరువు లేస్తుంది. పైగా మధ్యాహ్నం అక్కడ గాలి కూడా లేస్తుంది.

నైట్‌షిఫ్ట్_ఏరో
ఇది నా వైపు వాదనే. రేపు ఏ320 కావాలంటారు. దాని ప్రాథమిక పొడవు 2,100 అనుకుంటే ఇదే లెక్కలో 3,200 దాటుతుంది. 1,800లో దాని ఊసే ఎత్తలేం. 2,400 అయితే బరువు తగ్గించి దగ్గరి ఊళ్లకు నడపొచ్చు. విజయవాడ, తిరుపతి రన్‌వేలు 2,286 మీటర్లున్నప్పుడే ఏ320లు దిగాయి.

పడమటిగాలి
విజయవాడ ఎత్తు పాతిక మీటర్లు, తిరుపతి నూరు మీటర్ల పైచిలుకు. 600 మీటర్ల మీద అదే 2,286 చాలా చిన్నదవుతుంది. అయినా మీరన్నదాంట్లో పస ఉంది. దగ్గరి ప్రయాణానికి నిండు ఇంధనం అక్కర్లేదు. కాకపోతే మే మధ్యాహ్నం ఎన్ని సీట్లు వదలాలో ఎయిర్‌లైన్ పనితీరు ఇంజినీరు చెప్పాలి, మనం కాదు.

నా ఓటు ఇంకా పడమర వైపే, స్కూల్ నిజంగా వస్తే. రాకపోతే 05/23కి అభ్యంతరం లేదు. మెట్టపొలం గారూ, ఒకటి కొలిపించండి. రన్‌వే నంబరు 07/25 వచ్చేలా గీత కొంచెం తిప్పితే భూమి ఎంత దొరుకుతుంది? పడమటి గాలికి కోణం 20 డిగ్రీలకు దిగుతుంది. సెస్నా పరిమితి కూడా 29 నాట్ల దాకా దాటదు.

మెట్టపొలం
తిప్పితే దాదాపు 2,750 వస్తుంది. కానీ పడమటి కొస చెరువు శిఖంలోకి పోతుంది.

పడమటిగాలి
అయితే 240 మీటర్ల రీసాతో 2,150 రన్‌వే. ఏటీఆర్ లెక్కకు పైనే ఉంది, చార్టు ఒప్పుకుంటే. ఇక చెరువుంటే పక్షులుంటాయి. ఆ కొస మీదుగానే విమానాలు దిగుతాయి, లేస్తాయి. పక్షుల సర్వే వానకాలంలోనూ చలికాలంలోనూ రెండుసార్లు చేయించండి. వలస పక్షులు చలికాలంలోనే కనబడతాయి.

నైట్‌షిఫ్ట్_ఏరో
చెరువు శిఖంలో రీసా పోస్తామంటే నీటిపారుదల వాళ్లు ఒప్పుకోరు. నేనింకా 05/23 దగ్గరే ఉన్నాను.