అప్‌డేట్: కొబ్బరి పచ్చడి త్వరగా పులవకుండా

నా ప్రశ్న: "చెన్నైలో ఉదయం ఏడింటికి రుబ్బిన కొబ్బరి పచ్చడి పదింటికల్లా పులుస్తోంది, కారం కూడా ఒక్కోరోజు ఒక్కోలా ఉంటోంది. ఏం చేయాలి?"

సలహాలు ఇచ్చిన వారందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు కుదిరిన కొలత ఇది: ఒక కప్పు తాజా కొబ్బరి తురుముకు రెండు చెంచాల పుట్నాల పప్పు, మూడు పచ్చిమిరపకాయలు, అర చెంచా ఉప్పు, చిక్కుడు గింజంత చింతపండు. పుట్నాలు ఇంతకు మించితే పచ్చడి గట్టిపడి, కొబ్బరి రుచి వెనక్కి పోతుంది. మిరపకాయలను చెంచా నూనెలో పైన తెల్లమచ్చలు పడేదాకా వేయించి రుబ్బితే పచ్చివాసన పోతుంది. అయితే కాయల ఘాటు ఒకేలా ఉండదు కనుక, మూడోదాన్ని రుచి చూశాకే వేస్తున్నాను.

పులుపు విషయంలో అసలు శత్రువు వేడి. పచ్చికొబ్బరిలో తేమ, సహజమైన చక్కెర రెండూ ఉంటాయి కాబట్టి, మిక్సీ వేడికి గోరువెచ్చనైన పచ్చడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అందుకే కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచిన నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పుతున్నాను. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువలతో పెట్టిన తాలింపును చల్లారాక, అప్పటికప్పుడు వడ్డించే పచ్చడిలోనే కలుపుతున్నాను. మిగిలినది రుబ్బిన వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. ఇలా చేస్తే సాయంత్రం దోసెలకూ రుచి చెడలేదు. గిన్నె అంచున చిన్న బుడగలు కనిపించినా, పుల్లని వాసన వచ్చినా పారేయడమే. మళ్లీ తాలింపు పెట్టినా అది బాగుపడదు.