వరి నీటి పాదముద్ర: ఇంకిన నీటిని లెక్కలో కలపాలా?

బోరు కింద వరికీ గోధుమకూ మిథ్యా జలం, అంటే కిలో పంట పండించడానికి ఖర్చయ్యే నీరు, పోల్చి చూస్తున్నాను. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. హెక్టారులో 1 మిల్లీమీటరు నీరంటే 10 ఘనపు మీటర్లు.

వరి: ఆవిరయ్యే నీరు 600 మి.మీ., అంటే 6,000 ఘనపు మీటర్లు. దిగుబడి 5 టన్నులు. కిలో వడ్లకు 1,200 లీటర్లు. మర ఆడిస్తే బియ్యం 67 శాతమే కాబట్టి, తవుడు విలువ పక్కనపెడితే, కిలో బియ్యానికి సుమారు 1,790 లీటర్లు.

గోధుమ: 400 మి.మీ., 4 టన్నులు. కిలోకు 1,000 లీటర్లు.

చిక్కంతా ఇక్కడే. మడిలో మరో 600 మి.మీ. నేలలోకి ఇంకుతుంది. అదీ కలిపితే బియ్యం 3,580 దాటుతుంది! ఇంకినది మళ్లీ బోరులోకే చేరితే దాన్ని ఖర్చుగా రాయడం నాకు సబబనిపించడం లేదు. కానీ అడుగున ఉప్పునీరుంటే? ఎంత తిరిగి చేరిందో పొలంలో ఎలా కొలుస్తారు? తెలిసినవారు చెప్పగలరు.