క్లోట్స్కీ పజిల్: అడ్డ దిమ్మెను పెద్ద దిమ్మె పక్కనుంచి పైకి దాటించేదెలా?

దిమ్మెల్ని ఖాళీ గళ్లలోకి జరుపుతూ ఆడే పాత క్లోట్స్కీ బోర్డు ఇది: నాలుగు గళ్ల వెడల్పు, అయిదు గళ్ల ఎత్తు. పైన మధ్యలో 2×2 పెద్ద దిమ్మె, దాని కిందే ఒక అడ్డ దిమ్మె, అంచుల వెంట నాలుగు నిలువు దిమ్మెలు, నాలుగు చిన్నవి, రెండు ఖాళీ గళ్లు. పెద్దది కింది అంచు మధ్యకు చేరాలి. అతి తక్కువలో 81 ఎత్తులు.

పది రోజులుగా చేతితోనే ఆడుతున్నాను. కంప్యూటర్‌తో దారి వెతికించాను. 81 ఎత్తులూ చూసి కదిపితే వస్తుంది, కాగితం పక్కన పెడితే రాదు. అందుకే మజిలీలుగా ఆలోచించడం మొదలుపెట్టాను. పెద్దది గమ్యంలో ఉన్నప్పుడు దాని కింద వరుస ఉండదు, అటూ ఇటూ ఒక్కో గడే మిగులుతుంది. కాబట్టి అడ్డ దిమ్మె అప్పటికే దానికి పైన ఉండాలి. అది పైకి దాటేటప్పుడు పెద్దది ఏదో ఒక గోడకు ఆనుకుని ఉండక తప్పదు. ఇంతవరకు తేలింది.

ఆ మజిలీ వరకు వెళ్తున్నాను: పెద్దది ఎడమ గోడకు, అడ్డది దాని పక్కన కుడివైపు. అక్కడే ఆట బిగుసుకుపోతోంది. అడ్డది పైకి జరగాలంటే ఖాళీలు రెండూ దాని నెత్తిన పక్కపక్కన ఉండాలి. కానీ పైన నిలువు దిమ్మె ఉంటుంది. అది పక్కకు తప్పుకోవాలంటే అవే ఖాళీలు ఒకదానిపై ఒకటి కావాలి. ఎన్నిసార్లు తిప్పినా ఒక ఖాళీ పైన, ఒకటి కింద చిక్కుతోంది.

ఈ మజిలీకి రాకముందే చిన్న దిమ్మెలు నాలుగింటినీ ఏయే గళ్లలో పేర్చుకోవాలి?