వైట్ గోల్డ్ ఉంగరం అడుగున పసుపు తేలుతోంది: మోసపోయానా?

శ్రావ్య
14 నెలల క్రితం కొన్న వైట్ గోల్డ్ ఉంగరం. లోపల 750 ముద్ర ఉంది, అంటే 18 క్యారెట్లే. రోజూ వేలికే ఉంటుంది. ఈమధ్య అరచేతి వైపు లేత పసుపు మరక కనబడింది. ఏదో అంటుకుందనుకుని సబ్బునీళ్లతో కడిగాను, పోలేదు. రాయి చుట్టూ మాత్రం కొన్న రోజులాగే తెల్లగా ఉంది. మామూలు పసుపు బంగారానికి తెల్ల పూత వేసి అంటగట్టారేమోనని రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. మా అక్క రోజ్ గోల్డ్ ఉంగరం నాదానికంటే పాతది, దాని రంగు ఇసుమంత కూడా మారలేదు.

వెండిమబ్బు
కంగారు పడకండి. బంగారంలో వెండి ఎక్కువ కలిపితే అదే వైట్ గోల్డ్. పైనున్న వెండి అరిగి లోపలి బంగారం బయటపడి ఉంటుంది. టూత్‌పేస్ట్ పెట్టి రుద్ది చూడండి, మళ్లీ తెల్లబడుతుంది.

కొలిమి
టూత్‌పేస్ట్ మాత్రం వద్దండీ. అందులో ఉండే సన్నటి గరుకుపొడి ఉన్న మెరుపును కూడా గీసేస్తుంది. 20 ఏళ్లకు పైగా నగల బల్ల మీదే కూర్చుంటున్నాను, అలా గీతలు పడి వచ్చిన ఉంగరాలు చాలా చూశాను.

వెండిమబ్బు గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. వెండి కలిపితే బంగారం పాలిపోతుంది. కానీ 18 క్యారెట్లలో కలపడానికి ఉన్న చోటు నూటికి 25 పాళ్లే. ఆ 25 పాళ్లూ వెండే పోసినా వచ్చేది తెలుపు కాదు, ఆకుపచ్చ ఛాయ ఉన్న లేత పసుపు. నిజంగా పసుపును చంపేవి నికెల్, పల్లాడియం. ఈ రెండింటిలో ఒకటి ముఖ్యంగా పడితేనే వైట్ గోల్డ్ అవుతుంది. అయినా కరిగించి తీసిన ముద్దను చూస్తే పాలలా తెల్లగా ఉండదు. నికెల్ పడ్డదైతే కాస్త పసుపు చాయగా, పల్లాడియం పడ్డదైతే బూడిద చాయగా ఉంటుంది. కొట్లో కళ్లు జిగేల్మనిపించే ఆ తెలుపు పైనున్న రోడియం పూతది. దాని మందం చాలాసార్లు తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. గిన్నె పట్టినా, బండి హ్యాండిల్ పట్టినా ఒరుసుకునేది అరచేతి వైపే కాబట్టి అక్కడే ముందు పోతుంది.

మోసమో కాదో మీరే చూసుకోవచ్చు. పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద మీ ఉంగరాన్నీ, ఏదైనా 18 క్యారెట్ల పసుపు ఉంగరాన్నీ పక్కపక్కన పెట్టండి. అరిగిన చోట నిండు పసుపు ఉంటే అనుమానించాల్సిందే. ఏనుగుదంతంలా పాలిపోయిన చాయ ఉంటే లోపల ఉన్నది వైట్ గోల్డే.

రాగిరేకు
మరి వాళ్లక్క రోజ్ గోల్డ్ ఎందుకు మారలేదు? నూటికి 75 పాళ్లు బంగారమే ఉన్నప్పుడు మిగతా పాతికతో అంత ఎరుపు ఎలా వస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

కొలిమి
ఆ 75 తూకంలో లెక్క. బంగారం అణువు రాగి అణువుకు మూడు రెట్లకు పైగా బరువు. అందుకని తూకంలో రాగి సుమారు 22, వెండి సుమారు 3 పాళ్లే ఉన్నా, అణువులు లెక్కపెడితే దాదాపు సగం రాగివే. ఎరుపు రాకుండా ఎలా ఉంటుంది! అదే 25 పాళ్లను రాగి, వెండి చెరి సగం పంచుకుంటే ఒకదాని ఎరుపును ఇంకొకటి తగ్గించి మనకు అలవాటైన పసుపు నిలుస్తుంది. ఈ రెండింటిలోనూ రంగు లోపలిదాకా ఒకటే. అరిగినా లోపల అదే రంగు ఉంటుంది కాబట్టి మెరుగు పెడితే చాలు, పూత అక్కర్లేదు.

రాగిరేకు
లోపలిదాకా అదే రంగంటే సంతోషమే గానీ, నా 14 క్యారెట్ల రోజ్ గోల్డ్ గొలుసు మెడ వెనక కొక్కెం దగ్గర ముదురు రంగుకు తిరిగింది. పైగా నా ఉంగరం సైజు పెంచమని ఇస్తే అతుకు పక్కనే చిట్లింది.

కొలిమి
14 క్యారెట్లలో బంగారం 58.5 పాళ్లే, రాగి ఇంకా ఎక్కువ. చెమటకు పైపొర నల్లబడుతుంది, మెత్తటి పాలిష్ గుడ్డతో తుడిస్తే పోతుంది. చిట్లడం వేరే సంగతి. రోజ్ గోల్డ్‌ను కాల్చాక నెమ్మదిగా చల్లారనిస్తే, 400 డిగ్రీలు దాటి కిందికి దిగేటప్పుడు రాగి, బంగారం అణువులు వరుస కట్టేస్తాయి. అప్పుడు లోహం పెళుసెక్కుతుంది. అందుకే వేడి మీదే నీళ్లలో ముంచాలి. పసుపు బంగారంతో మాత్రమే చేయి తిరిగినవాళ్లు ఇక్కడే పొరబడతారు.

నదీతీరం
నాది ప్లాటినం ఉంగరం, మసకబారింది. రోడియం వేయించమంటారా?

కొలిమి
మీది వేరే లోహం అండీ. ప్లాటినం లోపలా బయటా తెలుపే. సన్న గీతల వల్ల మసక వస్తుంది, మెరుగు పెడితే సరిపోతుంది.

నీలవేణి
శ్రావ్య గారూ, ఆ మరక ఉన్న చోట చర్మం చూసుకోండి. నాకూ ఇలాగే పూత పోయింది, తర్వాత వారానికి ఉంగరం కింద ఎర్రటి దద్దుర్లు, దురద. నాకు నికెల్ పడదట. పూత ఉన్నంతకాలం అది అడ్డుగోడలా ఉందని అప్పుడు తెలిసింది. నికెల్ పరీక్ష సీసా దొరుకుతుంది. దూదిపుల్ల తడిపి అరిగిన చోటే అర నిమిషం రుద్దితే, నికెల్ ఉంటే దూది గులాబీ రంగుకు మారుతుంది. పూత ఉన్నచోట రుద్దితే ఏమీ తెలియదు, నేను మొదటిసారి అలాగే పొరబడ్డాను.

పాతబల్ల
నేనూ ఇదే పనిలో ఉన్నాను. ఏడాదికోసారి రోడియం వేయిస్తే గొడవే ఉండదు. అరగంట పని.

కొలిమి
పూతకు అరగంటే, నిజమే. కానీ గీతలు, మిగిలిన పాత పూత పోయేలా ముందు మెరుగు పెట్టాలి కదా, లేకపోతే కొత్త పూత కింద మచ్చలు కనబడతాయి. పెట్టిన ప్రతిసారీ ఇంత బంగారం గుడ్డకు పోతుంది. అలా ఏడాదికోసారి చేయించి, 750 ముద్ర చెరిగి రాయిని పట్టే గోళ్లు పలచబడ్డ ఉంగరాన్ని చేతిలో పట్టుకున్నాను. నేనైతే రంగు మరీ కొట్టొచ్చినట్టు కనబడేదాకా ఆగమంటాను.

పాతబల్ల
మందంగా పూత వేస్తే అన్నిసార్లు అవసరం పడదు.

కొలిమి
ఒక హద్దు వరకే. మరీ మందమైతే రోడియం తనకు తానే పగుళ్లిస్తుంది. ఇందులో మీకూ నాకూ కుదరదులెండి.

శ్రావ్య
మీరు చెప్పినట్టే చేశాను. కాగితం మీద పెడితే పసుపు ఉంగరం ముందు నా మరక వెలిసిపోయినట్టుంది, ఏనుగుదంతం రంగే. గుండె కుదుటపడింది. దూది మాత్రం గులాబీ రంగుకు తిరిగింది, నికెలే. దురద లేదు. ఒక్కటి అడగాలి: వారానికి మూడు రోజులు ఈతకు వెళ్తాను, ఉంగరం తీయను.

కొలిమి
అది ఈరోజే మానండి. కొలనులో వేసే క్లోరిన్‌కు నికెల్ పడ్డ వైట్ గోల్డ్ లొంగుతుంది. పైకి ఏమీ కనబడదు, వంచి బిగించిన గోళ్లలో సన్నటి పగుళ్లు పడి ఒకరోజు ఉన్నట్టుండి విరుగుతాయి. బట్టల బ్లీచింగ్ నీళ్లకూ అంతే. పూత సంగతి తర్వాత, ముందు ఆ గోళ్లను భూతద్దం కింద చూపించండి.

శ్రావ్య
నిన్న చూపించాను. నాలుగు గోళ్లలో ఒకదాని మలుపు దగ్గర వెంట్రుకంత గీత ఉంది. ఆ గోరు మార్చడానికి ఉంగరం ఇచ్చి వచ్చాను. పూత వేయమంటారా అని అడిగారు, ఇప్పుడొద్దన్నాను.